ఒకే బాండ్, రెండు పద్దులు

కన్వర్టిబుల్ బాండ్ కొన్నవారు గడువు దాకా ఆగి అసలు తీసుకోవచ్చు, లేదా ముందే చెప్పిన సంఖ్యలో కంపెనీ షేర్లుగా మార్చుకోవచ్చు. షేర్లుగా మార్చుకునే ఈ హక్కు ఉండబట్టే తక్కువ వడ్డీకి ఒప్పుకుంటారు. అందుకే వచ్చిన సొమ్మంతా అప్పు కింద రాస్తే లెక్క తప్పుతుంది. అందులో కొంత ఆ హక్కుకు కట్టిన వెల. భారత ప్రమాణం ఇండ్ ఏఎస్ 32 ప్రకారం బాండ్ జారీ చేసిన కంపెనీ తొలిరోజే ఈ రెండింటినీ విడదీయాలి.

ఒక కంపెనీ 3 ఏళ్ల గడువుతో, ఏటా 6 శాతం వడ్డీతో రూ. 100 లక్షల బాండ్లు జారీ చేసిందనుకుందాం. మార్పిడి హక్కు లేకుండా ఇలాంటి అప్పే తెచ్చుకుంటే మార్కెట్లో 10 శాతం కట్టాల్సి వచ్చేది. ముందు తేల్చాల్సింది అప్పు భాగమే. రాబోయే చెల్లింపులను ఆ 10 శాతం రేటుతో నేటి విలువకు తగ్గిస్తారు. మొదటి ఏడాది వడ్డీ 6 లక్షలకు నేటి విలువ 5.45 లక్షలు, రెండో ఏడాది వడ్డీకి 4.96 లక్షలు, మూడో ఏడాది వడ్డీ, అసలు కలిపి 106 లక్షలకు 79.64 లక్షలు. మొత్తం 90.05 లక్షలు. చేతికొచ్చిన 100 లక్షల్లో మిగిలిన 9.95 లక్షలు ఈక్విటీ. ఈ భాగానికి విడిగా వెలకట్టరు, మిగులుగానే తీసుకుంటారు. జారీ ఖర్చులు రూ. 2 లక్షలైతే వాటినీ ఇదే నిష్పత్తిలో పంచుతారు: సుమారు 1.80 లక్షలు అప్పుకు, 0.20 లక్షలు ఈక్విటీకి.

ఖర్చులను పక్కనపెట్టి చూస్తే, మొదటి ఏడాది చెల్లించేది 6 లక్షలే అయినా లాభనష్టాల ఖాతాలో వడ్డీ ఖర్చు 9.01 లక్షలు పడుతుంది. తేడా అప్పుకు కలిసి అది 93.06 లక్షలవుతుంది. మూడో ఏడాది చివరికి సరిగ్గా 100కు చేరుతుంది. ఈక్విటీ 9.95 లక్షలు మాత్రం కదలదు. షేరు ధర పెరిగినా, ఎవరూ మార్పిడి కోరకపోయినా దాన్ని మళ్లీ లెక్కగట్టరు.

చిక్కంతా ఆ 10 శాతం దగ్గరే. 8 శాతం తీసుకుంటే ఈక్విటీ 5.15 లక్షలకు, అంటే దాదాపు సగానికి పడిపోతుంది. బాండ్ మీద రాసిన 6 శాతాన్నే వాడితే ఈక్విటీ సున్నా. ఖాతాలో చూపిన వడ్డీ ఖర్చు, చెల్లించిన వడ్డీతో సమానంగా ఉంటే పొరపాటు ఇక్కడే జరిగిందని అనుమానించాలి. అదే పరపతి స్థాయి, అదే గడువు ఉన్న మామూలు అప్పు రేటును ఆధారంగా చూపలేని లెక్కను ఆడిటర్ ఒప్పుకోవడం కష్టం.

ఈ పద్ధతికి ఒక షరతుంది. నిర్ణీత మొత్తానికి నిర్ణీత సంఖ్యలో షేర్లు ఇవ్వాలి. షేరు ధరను బట్టి సంఖ్య మారేటట్లయితే ఆ హక్కు సాధారణంగా ఈక్విటీ కాదు. దాన్ని డెరివేటివ్ అప్పుగా చూపి, ప్రతిసారీ కొత్తగా విలువ కట్టాలి. డాలర్లలో జారీ చేసే బాండ్ల విషయంలో అంతర్జాతీయ ప్రమాణం కూడా ఇదే దారి పడుతుంది, ఎందుకంటే కంపెనీ సొంత కరెన్సీలో ఆ మొత్తం నిర్ణీతం కాదు. ఇండ్ ఏఎస్ 32 మాత్రం ఇక్కడ మినహాయింపు ఇచ్చింది: షేర్ల సంఖ్య, మార్పిడి ధర ఖాయమైతే చాలు, ఆ ధర ఏ కరెన్సీలో ఉన్నా హక్కు ఈక్విటీయే.