చారల చేప చెప్పే సముద్రం చిరునామా

విశాఖపట్నం: 'లక్షద్వీప్‌లో డైవింగ్' అన్న ప్రకటనలో నీలి నీరు, ఎర్రని పగడాలు, వాటి నడుమ నారింజరంగు చేప కనిపించాయనుకుందాం. డబ్బు కట్టేముందు ఆ చిత్రం నిజంగా అక్కడిదేనా అని తెలుసుకోవడం ఎలా? ఆ చేపను పరిశీలిస్తే చాలావరకు తేలిపోతుంది.

ముందుగా రంగుల సంగతి. సూర్యకాంతిలోని ఎరుపును నీరు తొలి కొన్ని మీటర్లలోనే పీల్చుకుంటుంది. అందువల్ల పది, పదిహేను మీటర్ల లోతున ఎర్రటి ప్రాణి సైతం బూడిదరంగులోనే కనిపిస్తుంది. చిత్రంలో ఎరుపు మెరుస్తున్నదంటే అది ఫ్లాష్ వెలుగు మహిమ, లేదా తర్వాత కంప్యూటర్‌లో దిద్దిన రంగు. పగడాల్లో ఎక్కువ భాగం సహజంగా గోధుమ, ఆకుపచ్చ ఛాయల్లోనే ఉంటాయి. కనుక ఎరుపును బట్టి ప్రాంతాన్ని నిర్ణయించలేము.

నీటి స్వచ్ఛత కొంత మేలైన సాక్షి. గోదావరి, కృష్ణ తెచ్చే ఒండ్రుమట్టి, మంచినీరు, నీటిలో పెరిగే సూక్ష్మజీవుల వల్ల మన తీరం తరచూ పచ్చగా, మసకగా ఉంటుంది. రాళ్లపై అక్కడక్కడా పగడాలున్నా, విశాలమైన పగడపు దిబ్బలు లేవు. పెద్ద నదులు లేని లక్షద్వీప్‌లో నీరు తేటగా ఉంటుంది. అయితే అండమాన్‌లోనూ తేటనీరు దొరుకుతుంది కాబట్టి ఈ ఆధారం అంతటితో ఆగిపోతుంది.

ఇక చేప వంతు. సీ అనిమోన్ల నడుమ నివసించే క్లౌన్ ఫిష్‌లో పలు జాతులున్నాయి. నారింజ దేహంపై మూడు తెల్లని చారలుండి, నడిమి చార తల వైపు ఉబ్బి కనిపించే జాతి అండమాన్ నుంచి తూర్పున థాయిలాండ్, ఇండోనేషియాల వైపు వ్యాపించింది. లక్షద్వీప్, మాల్దీవుల్లో కనిపించే జాతికి తల వెనుక ఒకే తెల్లని చార, నల్లని పొట్ట ఉంటాయి. మన చిత్రంలోని చేపకు మూడు చారలుంటే అది లక్షద్వీప్ చిత్రం కాదనే చెప్పాలి. అండమానా, థాయిలాండా అన్నది మాత్రం దీనితో తేలదు.

చారలను లెక్కించి ఊరుకుంటే పొరపాటు జరుగుతుంది. ముదురు గోధుమ లేదా నల్లని దేహంతో తెల్లని చారలు గల మరో జాతి పర్షియన్ గల్ఫ్ మొదలు పసిఫిక్ వరకు ఉంటుంది. అది ఎక్కడిదైనా కావచ్చు. అందుచేత దేహపు రంగు, పొట్ట, చారల ఆకారం కలిపి చూడాలి. అట్లాంటిక్‌లో మాత్రం క్లౌన్ ఫిష్ సహజంగా లేనే లేదు. 'కరీబియన్' అన్న శీర్షిక కింద ఇది కనిపిస్తే ఆ శీర్షికను నమ్మనక్కరలేదు.

చేపల తొట్టిలో తీసిన చిత్రానికి మాత్రం ఈ లెక్కలేవీ వర్తించవు. వేర్వేరు సముద్రాల జీవులు ఒకేచోట కనిపించినా, వెనుక నేపథ్యం గోడలా చదునుగా ఉన్నా ముందుగా తొట్టినే అనుమానించాలి.