షాఫ్ట్ సరిపోయింది.. బోల్టులు సరిపోలేదు!

మెయింటెనెన్స్ ట్రైనీ ఉద్యోగానికి ప్రాక్టికల్ టెస్టుకు వెళ్లారనుకోండి. బల్ల మీద ఒక పాత ఇండక్షన్ మోటార్ ఉంది. నేమ్‌ప్లేట్ మీద రంగు పడి ఏమీ కనిపించడం లేదు. చేతికి ఒక వెర్నియర్, ఒక స్టీల్ స్కేల్, కేటలాగ్‌లోంచి తీసిన ఒక పేజీ ఇచ్చారు. ఆ పేజీ పైభాగంలో మోటార్ బొమ్మ, దాని మీద A, B, C, H లాంటి అక్షరాలు. కింద పట్టిక నిండా అంకెలు. ‘దీనికి బదులు కొత్త మోటార్ కావాలి. ఏ వరుస ఆర్డర్ చేస్తారు?’ ఇదీ ప్రశ్న.

చూడటానికి చిన్నదే. ట్రైనీగా ఉన్నప్పుడు నేను దీన్నే తప్పు చేశాను. అందుకే వివరంగా చెబుతున్నా.

మా ప్లాంటులో ఒక కన్వేయర్ మోటార్ కాలిపోయింది. 3 హెచ్‌పీ, అంటే 2.2 కిలోవాట్ అని అందరికీ తెలుసు. నేను వెర్నియర్ పెట్టి షాఫ్ట్ కొలిచా: వ్యాసం 28 మి.మీ., పొడవు 60 మి.మీ. పట్టికలో 28, 60 ఉన్న మొదటి వరుస 100L. పక్కనే 2.2 కిలోవాట్ అని కూడా ఉంది. ఇంకేం కావాలి అనుకుని రాసిచ్చేశా. కొత్త మోటార్ వచ్చింది. కప్లింగ్ షాఫ్ట్ మీదికి చక్కగా ఎక్కింది. కానీ పాదాల రంధ్రాలు బేస్‌ప్లేట్ రంధ్రాలకు ఒక్కటీ కలవలేదు. షాఫ్ట్ కూడా 12 మి.మీ. కిందికి ఉండిపోయింది.

నేనెక్కడ పొరబడ్డానో ఈ పట్టిక చూస్తే తెలుస్తుంది. కొలతలన్నీ మిల్లీమీటర్లలో ఉన్నాయి.

| ఫ్రేమ్ | H | A | B | C | D | E |
|---|---|---|---|---|---|---|
| 90S | 90 | 140 | 100 | 56 | 24 | 50 |
| 90L | 90 | 140 | 125 | 56 | 24 | 50 |
| 100L | 100 | 160 | 140 | 63 | 28 | 60 |
| 112M | 112 | 190 | 140 | 70 | 28 | 60 |
| 132S | 132 | 216 | 140 | 89 | 38 | 80 |

ముందు బొమ్మ, తర్వాతే పట్టిక

ఈ అక్షరాలకు సొంతంగా అర్థం లేదు, బొమ్మే వాటికి అర్థం ఇస్తుంది. కాబట్టి అంకెల జోలికి వెళ్లకముందు బొమ్మలో ఒక్కో అక్షరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోందో వేలు పెట్టి చూడండి.

H అంటే పాదాల అడుగు నుంచి షాఫ్ట్ మధ్యరేఖ వరకు ఎత్తు. A అంటే షాఫ్ట్‌కు అడ్డంగా, ఎడమ పాదం రంధ్రం కేంద్రం నుంచి కుడి పాదం రంధ్రం కేంద్రానికి దూరం. B అంటే షాఫ్ట్ పొడవు దిశలో ముందు, వెనక రంధ్రాల కేంద్రాల మధ్య దూరం. C అంటే షాఫ్ట్ మెట్టు నుంచి ముందు రంధ్రాల మధ్యరేఖకు దూరం. D షాఫ్ట్ వ్యాసం, E బయటికి వచ్చిన షాఫ్ట్ పొడవు. కొత్తవాళ్లు ఎక్కువగా తికమకపడేది A, B దగ్గరే. షాఫ్ట్ మీ వైపు చూస్తుండేలా నిలబడితే ఎడమ నుంచి కుడికి ఉన్నది A, మీ నుంచి దూరంగా పోయేది B.

ఏ కాలమ్ వరుసను తేలుస్తుంది?

ఇప్పుడు పట్టికను నిలువుగా చదవండి. B కాలమ్‌లో 140 మూడు వరుసల్లో ఉంది. D కాలమ్‌లో 28 రెండు వరుసల్లో, E కాలమ్‌లో 60 కూడా రెండు వరుసల్లో ఉన్నాయి. అంటే నేను కొలిచిన 28, 60 రెండూ 100L, 112M అనే రెండింటికీ సమానంగా సరిపోతాయి. రెండు కొలతలు తీశాను కాబట్టి రెండు రుజువులు ఉన్నాయనుకున్నా. నిజానికి ఆ రెండూ కలిసి కూడా ఆ రెండు వరుసలను విడదీయలేవు.

మొత్తం విషయం ఇదే: రెండు వరుసల్లో ఒకేలా ఉన్న కొలత వాటిలో ఒకదాన్ని ఎంచుకోవడానికి పనికిరాదు. ఏ కాలమ్‌లో అంకె మారుతోందో అదే కొలవాలి. 100L, 112M మధ్య మారేవి H, A, C. కానీ 90S, 90L చూడండి. అక్కడ H, A, C, D, E అన్నీ ఒకటే, మారేది B ఒక్కటే. అందుకే వరస క్రమం ఇలా పెట్టుకోండి: ముందు H. ఫ్రేమ్ పేరులోని అంకె అదే. తర్వాత A తో నిర్ధారించుకోండి. ఆ తర్వాత B. పేరు చివరి S, M, L అక్షరాలు పొట్టి, మధ్యస్థం, పొడవు అని చెప్పేవి, వాటిని తేల్చేది B. చివరగా C, D, E సరిచూసుకోవడానికి.

కొలిచే పద్ధతి

షాఫ్ట్ మధ్యరేఖకు స్కేలు ఆనదు కదా, మరి H ఎలా కొలవాలి? మోటార్‌ను చదునైన బల్ల మీద పెట్టండి. కీవే గాడి పైకి వచ్చేలా షాఫ్ట్ తిప్పండి, లేకపోతే గాడి కొలతలో కలుస్తుంది. బల్ల నుంచి షాఫ్ట్ అడుగు అంచు వరకు కొలవండి. మా పాత మోటార్‌కు అది 98 వచ్చింది. దానికి షాఫ్ట్ వ్యాసంలో సగం, అంటే 14 కలిపితే 112. ఈ ఒక్క కూడిక ఆ రోజు చేసి ఉంటే నా ఆర్డర్ తప్పయ్యేది కాదు.

A కి కూడా రంధ్రం కేంద్రం కనిపించదు. రంధ్రాలు ఒకే సైజులో ఉంటే ఎడమ రంధ్రం ఎడమ అంచు నుంచి కుడి రంధ్రం ఎడమ అంచుకు కొలవండి. అదే కేంద్రాల మధ్య దూరం. ఈ కొలత మోటార్ పాదాల మీదే తీసుకోండి. బేస్‌ప్లేట్ మీద పొడుగాటి స్లాట్లు ఉంటే అక్కడి కొలత మోసం చేస్తుంది.

మీకు 112కు బదులు 111.7 వస్తే కంగారు పడక్కర్లేదు. ఈ సైజుల్లో H కు అర మిల్లీమీటరు వరకు తక్కువ ఉండొచ్చని ప్రమాణమే అనుమతిస్తుంది, ఎక్కువ ఉండటానికి మాత్రం ఒప్పుకోదు. తక్కువైతే కింద పల్చటి షిమ్ పెట్టి సరిచేస్తారు, ఎక్కువైతే చేసేదేమీ లేదు కాబట్టి. అదే 106 వచ్చిందంటే ఏ వరుసకూ దగ్గర కాదు. ‘దగ్గర్లో ఉంది కదా’ అని ఏదో ఒకటి ఎంచుకోవద్దు, మళ్లీ కొలవండి. పాదం కింద పాత షిమ్ అతుక్కుని ఉండొచ్చు, లేదా ఆ మోటార్ అసలు ఈ పట్టికదే కాకపోవచ్చు.

పట్టికే వేరైతే?

పై అంకెలు ఐఈసీ ప్రమాణానివి. మన దేశంలో పాదాల మోటార్ల కొలతలకు ఐఎస్ 1231 ఉంది. అమెరికా నుంచి వచ్చిన యంత్రాల మీద నీమా ఫ్రేమ్ మోటార్లు ఉంటాయి. వాటి కొలతలు అంగుళాల్లో ఉంటాయి, అక్షరాలూ వేరు. ఆ పట్టికలో D అంటే షాఫ్ట్ వ్యాసం కాదు, షాఫ్ట్ ఎత్తు. వ్యాసానికి అక్కడ U అని రాస్తారు.

అందులో 184T అనే వరుసను మిల్లీమీటర్లలోకి మారిస్తే ఎత్తు 114.3, అడ్డం 190.5, పొడవు 139.7, షాఫ్ట్ 28.58. మన 112M తో పోల్చండి: 112, 190, 140, 28. స్కేలుతో కొలిచి అంకెలు గుండ్రం చేసేవాళ్లు రెండూ ఒకటే అనుకుంటారు. బోల్టులు కూడా పట్టేస్తాయి. కానీ నీమా షాఫ్ట్‌కు చేసిన కప్లింగ్ 28 మి.మీ. షాఫ్ట్ మీద అర మిల్లీమీటరుకు పైగా వదులుగా ఉంటుంది. కొద్ది రోజుల్లోనే కీ అరిగి శబ్దం మొదలవుతుంది. షాఫ్ట్‌ను స్కేలుతో కాకుండా వెర్నియర్‌తోనే కొలవాలనడానికి కారణం ఇదే.

పట్టిక చెప్పనిది

మళ్లీ మా కన్వేయర్ దగ్గరికి వద్దాం. ఫిట్టర్ నా మొహం చూసి జాలిపడ్డాడు. ‘పర్లేదు సార్, కింద 12 మి.మీ. ప్లేటు వేసి కొత్త రంధ్రాలు కొట్టేద్దాం’ అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలో షిఫ్ట్ ఇన్‌ఛార్జి వచ్చి ఒక్కటే అడిగారు: ‘బాబూ, పాత మోటార్ ఎన్ని ఆర్పీఎం?’

నా దగ్గర జవాబు లేదు. ఆయన గేర్‌బాక్స్ నేమ్‌ప్లేట్ తుడిచి చూపించారు. ఇన్‌పుట్ వేగం 960. అంటే పాతది ఆరు పోల్‌ల మోటార్. నేను తెప్పించింది నాలుగు పోల్‌లది, 1,440 దగ్గర తిరుగుతుంది. సాధారణంగా 2.2 కిలోవాట్ మోటార్ రెండు పోల్‌లలో 90L లో, నాలుగు పోల్‌లలో 100L లో, ఆరు పోల్‌లలో 112M లో వస్తుంది. వేగం తగ్గేకొద్దీ అదే పవర్‌కు ఎక్కువ టార్క్ కావాలి, అందుకే పెద్ద ఫ్రేమ్. నేను పవర్ చూశాను, వేగం చూడలేదు.

ఫిట్టర్ అన్నట్టు రంధ్రాలు కొట్టి బిగించి ఉంటే బెల్టు ఒకటిన్నర రెట్ల వేగంతో నడిచేది. కన్వేయర్ లాంటి లోడుకు పవర్ కూడా దాదాపు ఒకటిన్నర రెట్లు కావాలి. నిండు లోడు మీద ఓవర్‌లోడ్ రిలే ట్రిప్ అవుతూనే ఉండేది. ఎవరైనా విసుగొచ్చి రిలే సెట్టింగ్ పెంచితే రెండో మోటార్ కూడా కాలేది. బోల్టులు కలవకపోవడమే ఆ రోజు మమ్మల్ని కాపాడింది.

అదే పాదాల మోటార్ కాకుండా ఫ్లాంజ్ మోటార్ అయి ఉంటే ఆ హెచ్చరిక కూడా ఉండేది కాదు. ఐఈసీ బీ5 రకంలో 100, 112 రెండు ఫ్రేములకూ ఒకే ఫ్లాంజ్ ఉంటుంది, బోల్టుల వలయం వ్యాసం రెండింటికీ 215 మి.మీ. షాఫ్టూ ఒకటే. తప్పు మోటార్ ఏ ఇబ్బందీ లేకుండా బిగుస్తుంది. కాబట్టి పట్టికలోని వరుస ‘పడుతుందా లేదా’ అన్నది మాత్రమే చెబుతుందని గుర్తుంచుకోండి. కిలోవాట్, పోల్‌లు వేరేగా చూసుకోవాల్సిందే.

టెస్టులో బల్ల దగ్గర ఉన్నప్పుడు కాగితం మీద మీ జవాబు ఇలా రాయండి: ‘H = 98 + 14 = 112, A = 190, కాబట్టి 112M. B = 140, D = 28 సరిపోయాయి. ఆర్డర్‌కు ముందు వేగం, మౌంటింగ్ రకం తెలియాలి’. ఆ చివరి వాక్యం నాకు ఒక మోటార్ ఖర్చయ్యాక తెలిసింది. మీరు ముందే రాయొచ్చు.