‘నవ్వింది కదా!’ అనుకునే ముందు చాట్ ఒకసారి పైకి జరిపి చూడండి

మాది రామగిరి. ఈ మాట బయట ఎవరితో అన్నా, అవతలి నుంచి వచ్చే రెండో మాట ఏంటో నాకు ముందే తెలుసు. ‘అమ్మో, ఫ్యాక్షనా? బాంబులు తెచ్చావా బ్రో?’ ఇంజనీరింగ్ కాలేజీలో మొదటి రోజు విన్నా, బెంగళూరులో ఆఫీసులో చేరిన రోజూ విన్నా. మొదటిసారి మనమూ నవ్వుతాం. పదోసారికి కూడా నవ్వుతాం. కానీ ఆ రెండు నవ్వులూ ఒకటి కాదు. ఎదురుగా ఉన్నవాళ్లకు మన మొహం కనిపిస్తుంది కాబట్టి ఆ తేడా ఎంతో కొంత తెలుస్తుంది. మరి చాట్‌లో? అక్కడ రెండు నవ్వులకూ స్పెల్లింగ్ ఒకటే, ‘హహ’.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, మా పిన్ని కూతురికి ఈమధ్య ఒక సంబంధం వచ్చింది. అబ్బాయిది గుంటూరు వైపు. పెద్దవాళ్లు నంబర్లు ఇచ్చి, ‘కొన్నాళ్లు మాట్లాడుకోండి’ అన్నారు. రెండో వారానికల్లా తను ‘వద్దు’ అనేసింది. అబ్బాయి మాత్రం నిజంగానే ఆశ్చర్యపోయాడట. ‘అన్నింటికీ నవ్వావు కదా!’ అని అడిగాడట. మా చెల్లి ఆ చాట్ నాకు చూపించింది, పేర్లు లేకుండా రాసుకోమంది. చదివాక నాకు అనిపించింది ఒక్కటే. ఆ అబ్బాయి చెడ్డవాడు కాదు. ఏ రోజు ఏం మారిందో చూసుకోలేదంతే.

మొదటి రోజు: ఆట బాగానే మొదలైంది

మొదటి రోజు అబ్బాయి రాసింది: ‘మీది రామగిరా! ఇంట్లో బాంబులవీ ఉంటాయా? 😂’

చెల్లి జవాబు: ‘హహహ. బాంబుల్లేవు, గాలిమరలు ఉన్నాయి. కొండ మీదంతా అవే. మీ ఇంట్లో ఏముంటాయి, ఎండుమిర్చి బస్తాలా?’

ఇక్కడ ఏ సమస్యా లేదు. చెల్లి నవ్వడమే కాదు, బంతి తిరిగి విసిరింది. వాళ్ల ఊరి మీద తనూ ఒక జోకు వేసింది. ఆపైన ఒక ప్రశ్న కూడా అడిగింది. ఆటపట్టించడం అంటే అసలు ఇదే, ఇద్దరూ ఆడే ఆట.

మన ఇళ్లలో బావామరదళ్ల వేళాకోళం ఇలాగే ఉంటుంది. పెళ్లిళ్లలో ఆడపెళ్లివాళ్లు మగపెళ్లివాళ్లను ఎగతాళి చేస్తూ పాట అందుకుంటే, అవతలివాళ్లు కూడా వదలరు. ఎవరికైనా మొహం మాడితే పక్కనున్న పెద్దమ్మ ‘ఇంక చాలు, ఊరుకోండే’ అంటుంది. ఆ చనువు వరసతో వచ్చింది, తిరిగి అనే హక్కు ఇద్దరికీ ఉంది, ఆపడానికి మనుషులున్నారు. కొత్తగా నంబర్ తీసుకున్న ఇద్దరి మధ్య ఈ మూడూ ఉండవు. వాటిని మెల్లగా సంపాదించుకోవాలి.

మూడో రోజు: జోకుకు సీరియస్ జవాబు

మూడో రోజు చెల్లి రాసింది: ‘ఈ వారం ఊరికి పోతున్నా. అమ్మమ్మకు కంటి ఆపరేషన్.’

అబ్బాయి: ‘జాగ్రత్త! సుమోలేమైనా వెంటపడితే ఫోన్ చెయ్ 😂😂’

చెల్లి: ‘హహ. అట్లేం లేదు, ఇప్పుడంతా ప్రశాంతంగానే ఉంది.’

ఆట ఆగింది ఇక్కడే. ‘హహ’ ఉంది కాబట్టి అబ్బాయికి అది కనిపించలేదు. కానీ ఆ నవ్వు తర్వాత ఏముందో చూడండి. ఆమె జోకుకు జోకు వేయలేదు, సంజాయిషీ ఇచ్చింది. సరదాగా తీసుకున్నవాళ్లు తిప్పికొడతారు, గుచ్చుకున్నవాళ్లు వివరిస్తారు. ‘అట్లేం లేదు’, ‘నేనేం అంత లావు లేను’, ‘మా ఊళ్లో అందరూ అట్లే మాట్లాడతారు’ లాంటి జవాబు వచ్చిందంటే, మీరు జోకు అనుకున్నది అవతల ఆరోపణగా చేరిందని అర్థం.

పైగా అమ్మమ్మ ఆపరేషన్ సంగతి జోకు కింద పడి కనిపించకుండా పోయింది. ఆమె చెప్పిన పెద్ద విషయాన్ని పట్టించుకోకుండా, తన చేతిలో ఉన్న జోకు వేశాడు.

అబ్బాయికి తెలియనిది ఇంకోటి ఉంది. ఫ్యాక్షన్ అంటే అతనికి 1999లో వచ్చిన ‘సమరసింహారెడ్డి’, ఆ తర్వాత వరసకట్టిన సినిమాలు, గాల్లో లేచే సుమోలు. మా మండలం వాళ్లకు అది ఇంటి సంగతి. పరిటాల రవిది మా మండలంలోని వెంకటాపురమే. 2005 జనవరిలో ఆయన అనంతపురంలో హత్యకు గురైనప్పుడు మేం బడి పిల్లలం. మా చెల్లి వాళ్ల చిన్నాన్న కుటుంబం గొడవలకు భయపడి ఇంటికి తాళం వేసి బళ్లారి పోయింది, మళ్లీ రాలేదు. ఆ తాళం కప్ప ఇప్పటికీ ఆ తలుపుకే ఉంది. కొత్త మనిషితో చాట్‌లో ఇదంతా ఎవరు చెప్తారు? ‘హహ’ అంటారు.

ఐదో రోజు: ‘అండి’ తిరిగొచ్చింది

అబ్బాయి: ‘ఏంటి రిప్లై లేదు? మీవాళ్లు తొడలు కొట్టే పనిలో ఉన్నారా?’

చెల్లి: ‘😊’

అబ్బాయి: ‘మీ నాన్నగారిని కలవాలంటే బుల్లెట్ ప్రూఫ్ జాకెట్ వేసుకురావాలా?’

చెల్లి: ‘పనిలో ఉన్నానండి. తర్వాత మాట్లాడతా.’

మొదటి రోజు నాలుగు వాక్యాలు రాసిన మనిషి ఇప్పుడు ఒక ఎమోజీకి వచ్చింది. ప్రశ్నలు పూర్తిగా ఆగిపోయాయి. వీటన్నిటికంటే గట్టి గుర్తు ఆ ‘అండి’. నాలుగో రోజుకల్లా ఇద్దరూ ‘నువ్వు’లోకి వచ్చేశారు. ఆ సాయంత్రం ఆమె మళ్లీ ‘అండి’ అంది. తెలుగులో మనకున్న సౌకర్యం ఇదే, దూరం కొలిచే స్కేలు మాటలోనే ఉంటుంది. ‘నువ్వు’ నుంచి ‘మీరు’కు వెనక్కి వెళ్లారంటే, తలుపు కొంచెం దగ్గరకు వేశారన్నమాట. సరదాకు ‘అయ్యగారూ, తమరు’ అనడం వేరు. జోకు లేకుండా ఉత్త ‘అండి’ వస్తే మాత్రం ఆగండి.

‘మరి ఆ హహలు ఎందుకు పెట్టినావే?’ అని అడిగా. ‘నవ్వకపోతే కోపిష్టిదంటాడు, జోకులు అర్థం కావంటాడు. పెద్దోళ్లు కుదిర్చిన సంబంధం కదన్నా’ అంది. ఆ నవ్వు సంతోషం కాదు, మర్యాద.

పంపినవాడికి వినపడే గొంతు

మరి మనకెందుకు తెలియదు? 2005లో జస్టిన్ క్రూగర్, నికోలస్ ఎప్లీ, వాళ్ల తోటి పరిశోధకులు అమెరికాలో విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. కొన్ని వాక్యాలు వెటకారంగా, కొన్ని మామూలుగా రాసి ఈమెయిల్‌లో పంపమన్నారు. నూటికి 78 సార్లు అవతలివాళ్లకు సరిగ్గా అర్థమవుతుందని పంపినవాళ్లు అంచనా వేశారు. నిజంగా అర్థమైంది 56 సార్లే. బొమ్మా బొరుసా వేసి చెప్పినా 50 వస్తాయి! అవే వాక్యాలు గొంతుతో చెప్పినప్పుడు 73 సార్లు సరిగ్గా చేరాయి.

టైప్ చేసేటప్పుడు మన మనసులో మన గొంతు మోగుతూ ఉంటుంది. ఆ సాగదీత, ఆ కొంటె చూపు మనకు తెలుసు. స్క్రీన్ దాటి వెళ్లేది అక్షరాలు మాత్రమే. ‘ఏమప్పా, యాడికి పోతాండావ్’ అని మా ఊళ్లో నవ్వుతూ అంటే ఆప్యాయత. అదే ముక్క, అనంతపురం యాస తెలియనివాళ్లు టైప్ చేస్తే వెక్కిరింత. ఆ క్రూగరే 2006లో తన సహచరులతో కలిసి ఆటపట్టించడం మీద ఇంకో అధ్యయనం ప్రచురించారు. తమ ఉద్దేశం మంచిదని తమకు తెలుసు కాబట్టి, ఆటపట్టించేవాళ్లకు తమ మాట తేలిగ్గానే కనిపిస్తుంది. పడేవాళ్లకు ఆ ఉద్దేశం కనపడదు, మాట మాత్రమే తగులుతుంది.

బిజీనా, బాధా?

ఇక్కడ ఒక జాగ్రత్త. చిన్న జవాబు వచ్చిన ప్రతిసారీ గుచ్చుకుందని కాదు. నెలాఖరు పని ఉండొచ్చు, రైలు పెనుకొండ దాటాక సిగ్నల్ పోయి ఉండొచ్చు. కొందరు మొదటి నుంచీ ఒక్క ముక్కే రాస్తారు. అందుకే ఆ మనిషి మొదటి రెండు రోజులు ఎలా రాశారో దానితోనే పోల్చండి, మీ స్నేహితుల చాట్‌తో కాదు.

తేల్చుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. జోకు పూర్తిగా వదిలేసి, వాళ్లు చెప్పిన విషయం ఒకటి మామూలుగా అడగండి: ‘అమ్మమ్మ ఆపరేషన్ ఎలా అయింది?’ జవాబు మళ్లీ పొడుగ్గా వస్తే, వాళ్లకు ఇబ్బంది మీతో కాదు, ఆ జోకుతో. దాన్ని మళ్లీ తీయకండి. దానికీ ముక్తసరిగా వస్తే పనిలో ఉండొచ్చు, ఇష్టం లేకపోవచ్చు. రెంటిలో ఏదైనా చేయాల్సింది ఒకటే. ఆగడం.

గుచ్చుకుందని తెలిస్తే ఒక్క వాక్యం చాలు: ‘ఆ ఫ్యాక్షన్ జోకులు బాలేవు, సారీ, ఇంక వేయను.’ ‘జస్ట్ జోక్ చేశా, సీరియస్‌గా తీసుకున్నావా?’ అంటే తప్పు వాళ్ల మీదకే నెట్టినట్టు. ‘క్షమించానని చెప్పు’ అని పది మెసేజ్‌లు పెట్టినా అంతే, మీ మనసు తేలిక చేసే పని కూడా వాళ్లకే అప్పజెప్పినట్టు. ‘వద్దు’ అన్నాక అసలు రాయొద్దు. ఇష్టం లేదని స్పష్టంగా చెప్పిన అమ్మాయిని ఒక మగవాడు పదే పదే సంప్రదించడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం కూడా.

మొదట్లో దేనిమీద జోకు వేయొచ్చంటే, వాళ్లు తమ మీద తాము వేసుకున్నదాని మీద. రాత్రి ఒంటిగంటకు మ్యాగీ వండుకునే అలవాటు వాళ్లే నవ్వుతూ చెప్తే, అది అందరి సొత్తు. పుట్టిన ఊరు, యాస, రంగు, ఇంటివాళ్లు వాళ్లు ఎంచుకున్నవి కావు. వాటి వెనక ఏ తాళం వేసిన ఇల్లుందో మీకు తెలియదు.

చెల్లి చాట్ చదివిన రాత్రి నా ఫోన్ తీసి, ఒక పాత చాట్ పైకి జరిపా. శ్రీకాకుళం అమ్మాయి. తన యాసను అనుకరిస్తూ నేను పెట్టిన మెసేజ్‌లు ఎనిమిది. మొదటిదానికి తను మా సీమ యాసలో తిప్పికొట్టింది. మూడోదానికి ‘హహ’. చివరిదానికి ‘అవునండి’. అప్పుడు ‘పిల్ల బాగా కలుపుగోలు’ అనుకున్నా. ఇప్పుడు సారీ చెప్పడానికి మెసేజ్ టైప్ చేశా. తను మాట్లాడటం మానేసి ఏడాది దాటింది. పంపకుండా చెరిపేశా.