రాత్రికి ఎంత తోడతారు, ఏడాదికి ఎన్నిసార్లు?

సోలార్‌కి బ్యాటరీ కొనబోయేవాళ్ళు షాపులో మొదట అడిగేది ధర, తర్వాత వారంటీ. బ్యాటరీ ఎంతకాలం మన్నుతుందో తేల్చేవి మాత్రం వేరే రెండు లెక్కలు: రోజూ దాన్ని ఎంతవరకు ఖాళీ చేస్తారు, ఏడాదికి ఎన్నిసార్లు అలా చేస్తారు. మొదటిదాన్ని డెప్త్ ఆఫ్ డిశ్చార్జ్ అంటారు. రెండోదాన్ని సైకిళ్ళలో కొలుస్తారు. ఒకసారి వాడి మళ్ళీ నింపితే ఒక సైకిల్.

ఒక విషయం ముందే చెప్పుకోవాలి. మేడ మీద ప్యానెళ్ళు పెట్టి, మిగిలిన కరెంటును నెట్ మీటర్ ద్వారా డిస్కంకి ఇచ్చే ఇంటికి బ్యాటరీ తప్పనిసరి కాదు. (లైనులో కరెంటు పోతే ఆ ఇన్వర్టర్ కూడా ఆగిపోతుంది. ఎండ మండిపోతున్నా ఫ్యాన్ తిరగదేమిటని మొదటి వేసవిలో చాలామంది ఆశ్చర్యపోతారు.) ఇక్కడ మాట్లాడుకునేది లైనే లేని తోటలో కాపురముండే కుటుంబం గురించి. వాళ్ళ బ్యాటరీకి సెలవు ఉండదు, ఏడాదికి 365 సైకిళ్ళూ తిరగాల్సిందే.

ఆ ఇంటి రాత్రి వాడకం ఇలా ఉందనుకుందాం. తక్కువ కరెంటుతో నడిచే 30 వాట్ల ఫ్యాన్లు రెండు, తొమ్మిది గంటలు. నాలుగు ఎల్ఈడీ బల్బులు, కాసేపు టీవీ, తెల్లవార్లూ చిన్న ఫ్రిజ్, ఫోన్ల చార్జింగ్. అన్నీ కలిపితే సుమారు 1.6 యూనిట్లు. ఇన్వర్టర్ తినేది కూడా కలుపుకుంటే బ్యాటరీ నుంచి 1.85 యూనిట్ల దాకా తోడాలి.

12 వోల్టుల 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలో ఉండేది 12 ఇంటు 150, అంటే 1.8 యూనిట్లు. అటూ ఇటుగా సరిపోయేలా కనిపిస్తుంది కాబట్టి కొందరు ఒక్కటే కొంటారు. దాన్ని రోజూ అడుగంటా ఊడ్చేస్తారు, తర్వాత త్వరగా పోయిందని కంపెనీని తిడతారు. ఎందుకు పోతుందో లోపలికి చూస్తే తెలుస్తుంది. కరెంటు ఇస్తున్నకొద్దీ రెండు రకాల ప్లేట్ల మీదా ఉన్న సీసం పదార్థం లెడ్ సల్ఫేట్‌గా మారి ఉబ్బుతుంది, చార్జ్ చేస్తే వెనక్కి వస్తుంది. ఎంత లోతుకి తోడితే అంత ఉబ్బు, అంత రాలుడు. పాజిటివ్ పదార్థాన్ని గొట్టాల్లాంటి తొడుగుల్లో బిగించి ఆ రాలుడు తగ్గించారు కాబట్టే దానికి ట్యూబులర్ అని పేరు. తగ్గించారే కానీ ఆపలేకపోయారు. అందుకే సగానికి మించి తోడొద్దంటారు. ఆ లెక్కన మన తోట ఇంటికి రెండు బ్యాటరీలు కావాలి.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌లో జరిగేది వేరు. లిథియం అయాన్లు ఐరన్ ఫాస్ఫేట్ స్ఫటికంలోకి దూరతాయి, బయటికి వస్తాయి. దాని చట్రం పెద్దగా చెదరదు. కాబట్టి 80 శాతం దాకా తోడినా తట్టుకుంటుంది. 25.6 వోల్టుల 100 ఏహెచ్ బ్యాటరీ ఒకటుంటే 2.56 యూనిట్లు. మన 1.85 అందులో 72 శాతమే.

ఇప్పుడు సైకిళ్ళు. మంచి ట్యూబులర్ బ్యాటరీల కంపెనీ పత్రాల్లో 80 శాతం లోతుకైతే 1,500 దాకా, 50 శాతానికైతే 3,000 దాకా సైకిళ్ళు రాస్తారు. రెండో అంకె రెట్టింపు కదా అని మురిసిపోకుండా గుణించి చూడండి. 1,500 సార్లు 80 శాతమంటే బ్యాటరీ మొత్తాన్ని 1,200 సార్లు తోడినట్టు. 3,000 సార్లు సగమంటే 1,500 సార్లు. పొదుపుగా వాడితే లాభమే, కానీ ఆ అంకె చూపించినంత కాదు. అదే లిథియానికి 80 శాతం లోతులో 4,000 సైకిళ్ళని రాస్తే 3,200 సార్లు తోడినట్టు. మన రెండు ట్యూబులర్లు కాగితం మీద జీవితమంతా ఇచ్చేది 5,400 యూనిట్లు, ఒక్క లిథియం ఇచ్చేది 8,000 పైన. ఇల్లు ఏడాదికి లాగేది 675. అంటే ఒకటి ఎనిమిదేళ్ళు, రెండోది పన్నెండేళ్ళు.

కాగితం మీది ఎనిమిదేళ్ళు మన ఎండల్లో నిలవవు. ఆ అంకెలు 25, 27 డిగ్రీల గదిలో తీసినవి. వేడి పది డిగ్రీలు పెరిగితే సీసం బ్యాటరీ ఆయువు దాదాపు సగమవుతుంది. రేకుల షెడ్డులో పెడితే ఎనిమిది నాలుగైనా ఆశ్చర్యం లేదు. వేడి లిథియాన్నీ అరగదీస్తుంది, ఇంత గట్టిగా కాదు. అది కూడా నీడలోనే ఉండాలి.

ముసురు పట్టినప్పుడు సీసానికి ఇంకో కష్టం. మొదటి 80 శాతం చకచకా ఎక్కుతుంది, చివరి 20 శాతానికి మాత్రం గంటలు పడుతుంది. సోలార్‌కి ఆ గంటలు సాయంత్రం వేళే దొరుకుతాయి, అప్పటికి ఎండ పోతుంది. రోజుల తరబడి పూర్తిగా నిండని బ్యాటరీలో సల్ఫేట్ గట్టిపడి, మళ్ళీ కరగని స్థితికి వస్తుంది. హైడ్రోమీటర్ ఉంటే ఇది పట్టుకోవచ్చు. నిండిన సెల్ 1.240 దగ్గర చూపించాలి. మంచి ఎండ రోజున దినమంతా చార్జ్ చేశాక కూడా 1.210 దాటకపోతే సల్ఫేట్ పేరుకుంటున్నట్టు. ఆరు సెల్స్‌లో ఒక్కటే వెనకబడితే ఆ సెల్ పోతున్నట్టు. లిథియానికి ఈ బాధ లేదు, సగం నింపి వదిలినా ఏమనుకోదు. పైగా 1.85 యూనిట్లు తీయడానికి లిథియంలోకి రెండు యూనిట్లు పంపితే చాలు, సీసంలోకి 2.3 దాకా పంపాలి. ప్యానెల్ చిన్నదైనా సరిపోతుంది.

డబ్బు సంగతి. రెండు ట్యూబులర్లు 32 వేలు, లిథియం 50 వేలు అనుకుందాం. నాలుగైదేళ్ళకోసారి 32 వేలు పెట్టి (పాత సీసం అమ్మితే కొంత వస్తుంది), అప్పుడప్పుడూ డిస్టిల్డ్ వాటర్ పోసుకోవడం కన్నా తోట ఇంటికి లిథియమే చవక. కానీ అదే బ్యాటరీని ఊళ్ళో, కరెంటు పోయినప్పుడు మాత్రమే వాడే ఇంట్లో పెట్టండి. ఏడాదికి 40 సైకిళ్ళు కూడా తిరగదు. పదేళ్ళకి 400. నాలుగు వేల సైకిళ్ళకి డబ్బు కట్టి నాలుగు వందలు వాడుకున్నట్టు. అక్కడ ఒక్క ట్యూబులర్ పెట్టుకుని నెలకోసారి నీళ్ళ మట్టం చూసుకుంటే పని జరుగుతుంది. అది సైకిళ్ళు అయిపోయి పోదు, వయసు మీరి పోతుంది.

లిథియం తీసుకుంటే ఇన్వర్టర్‌లో సెట్టింగ్ మార్చడం మర్చిపోకూడదు. ట్యూబులర్ మోడ్‌లో ఈక్వలైజేషన్ కోసం వోల్టేజీని బాగా పైకి లేపుతారు. ఆ దెబ్బకి లిథియం లోపలి బీఎంఎస్ బ్యాటరీని కట్ చేసేస్తుంది. ఆ మోడ్ లేని పాత ఇన్వర్టర్ అయితే దాని ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.

వారంటీ కాగితంలో సైకిళ్ళ అంకె పక్కన ఎంత లోతుకో, సామర్థ్యం ఎంత శాతానికి పడేదాకానో ఉందా అని చూడండి. లేకపోతే ఆ అంకెకి అర్థం లేదు. పాత సెల్స్‌తో కట్టిన ప్యాకులూ మార్కెట్లో తిరుగుతున్నాయి, వోల్టేజీ చూసి వాటిని పట్టుకోలేరు. లిథియం వోల్టేజీ చివరిదాకా ఒకేలా ఉండి, ఆఖర్న ఒక్కసారిగా పడిపోతుంది. ఫుల్ చార్జ్ చేసి, ప్యానెల్ కనెక్షన్ తీసేసి, 250 వాట్ల లోడు పెట్టి టైం చూసుకోండి. 2.56 యూనిట్ల బ్యాటరీ అయితే ఇన్వర్టర్ నష్టం పోగా తొమ్మిది గంటలు రావాలి. ఆరింటికే ఆరిపోతే, బిల్లు పట్టుకుని మర్నాడే షాపుకి వెళ్ళండి.