ఇల్లు మారేటప్పుడు గ్యాస్ బండ సంగతి

అద్దె ఇంట్లో కరెంటు మీటరు, నల్లా కనెక్షన్ సాధారణంగా ఓనరు పేరునే ఉంటాయి. తాళాలిచ్చే రోజు మీటరు రీడింగు ఫొటో తీసుకుని, ఆ అంకె దాకా బాకీ తేల్చుకుంటే చాలు. గ్యాస్ అలా కాదు, అది మన పేరు మీద ఉంటుంది.

వరంగల్ నుంచి విశాఖకు మారుతున్నారనుకోండి. సిలిండరు, రెగ్యులేటరు సామాన్ల లారీలో ఎక్కించకండి. రెండూ పాత ఏజెన్సీలో అప్పగిస్తే, అప్పట్లో కట్టిన డిపాజిట్ తిరిగిచ్చి ట్రాన్స్‌ఫర్ వోచర్ రాసిస్తారు. ఎంత రావాలో సబ్‌స్క్రిప్షన్ వోచర్ మీద ఉంటుంది. విశాఖలో మాత్రం ఇప్పటి రేటు ప్రకారం డిపాజిట్ కట్టాలి. కనెక్షన్ పాతదైతే ఈ తేడా చేతికి బాగానే తగులుతుంది. స్టవ్వు మనదే, వెంట తీసుకెళ్లొచ్చు. అదే ఊళ్లో మరో పేటకు మారితే బండ అప్పగించక్కర్లేదు. ఏజెన్సీ మార్పు కాగితాల మీదే జరిగిపోతుంది.