న్యూయార్క్‌లో ఆగిన డాలర్లు

ఒక దేశంలోని బ్యాంకు నుంచి మరో దేశంలోని బ్యాంకుకు పంపిన డాలర్లు సాధారణంగా నేరుగా చేరవు. ఆ రెండింటికీ డాలర్ ఖాతాలున్న మూడో బ్యాంకు ఒకటి మధ్యలో ఉంటుంది, ఎక్కువగా న్యూయార్క్‌లో. పంపే బ్యాంకు ఖాతాలో ఆ మొత్తాన్ని తగ్గించి, అందుకునే బ్యాంకు ఖాతాలో కలపడం దాని పని. బెల్జియం కేంద్రంగా పనిచేసే స్విఫ్ట్ సంస్థ ఇందులో డబ్బును ముట్టుకోదు. ఏ ఖాతాలో తగ్గించాలో, ఏ ఖాతాలో కలపాలో చెప్పే సందేశాన్ని మాత్రమే చేరవేస్తుంది. డబ్బు రాకపోయినా, వచ్చింది తక్కువైనా, కారణం వెతకవలసింది ఆ సందేశంలోనే.

విజయవాడలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ మెల్‌బోర్న్‌లోని ఖాతాదారుకు పనిచేసి 5,000 డాలర్ల ఇన్‌వాయిస్ పంపిందనుకుందాం. 2025 ఆగస్టు 12, మంగళవారం నాడు అతను తన బ్యాంకు నుంచి డబ్బు పంపాడు. మామూలుగా బుధ, గురువారాల్లో రావలసిన డబ్బు 18వ తేదీ సోమవారం జమ అయింది. ఖాతాలో పడింది 4,32,780 రూపాయలు. ఆ రోజు మార్కెట్‌లో డాలరు 87 రూపాయల 60 పైసలు అనుకుంటే 5,000 డాలర్లకు 4,38,000 రావాలి. ఆరు రోజులు ఎందుకు పట్టింది, 5,220 రూపాయలు ఎటు పోయాయి అన్నవి రెండు వేరువేరు ప్రశ్నలు. వాటికి సమాధానం చెప్పవలసినవాళ్లు కూడా వేరు.

ముందుగా ఆలస్యం. పంపినవారి బ్యాంకు సందేశం తయారుచేసేటప్పుడే దానికి UETR అనే నంబరు ఇస్తుంది. 2018 నవంబరు నుంచి కస్టమర్ల తరఫున స్విఫ్ట్‌లో వెళ్లే ప్రతి చెల్లింపుకూ ఇది తప్పనిసరి. చూడటానికి ఇలా ఉంటుంది:

```
7c1e4b90-2d5f-4a83-9b16-e04f5a7d3c28
```

మొత్తం 36 స్థానాలు. నాలుగు గీతలు పోగా మిగిలినవి 0 నుంచి 9 వరకు అంకెలు, a నుంచి f వరకు అక్షరాలు. మూడో ముక్క ఎప్పుడూ 4తో మొదలవుతుంది. నాలుగో ముక్క 8, 9, a, b లలో ఒకదానితో మొదలవుతుంది. ఇంత వివరం ఎందుకంటే, పంపినవారు చాలాసార్లు వేరే నంబరు ఇస్తారు. బ్యాంకు రసీదు మీద కనిపించే, 16 అక్షరాలకు మించని రిఫరెన్సు ఆ బ్యాంకు తన పుస్తకాల కోసం వేసుకున్నది. మధ్యవర్తి బ్యాంకు ఆ చోట తన సొంత నంబరు వేసుకుంటుంది. అందువల్ల మెల్‌బోర్న్ రసీదు నంబరుతో విజయవాడ బ్రాంచిలో వెతికితే ఏమీ దొరకకపోవచ్చు. UETR మాత్రం మొదటి బ్యాంకు నుంచి చివరి బ్యాంకు దాకా మారదు. స్విఫ్ట్ ద్వారా కాకుండా ఏ దేశంలో ఆ దేశపు ఖాతాల నుంచే చెల్లించే మనీ ట్రాన్స్‌ఫర్ కంపెనీ ద్వారా పంపితే మటుకు ఈ నంబరు ఉండదు. అక్కడ ఆ కంపెనీ సొంత రిఫరెన్సే ఆధారం.

ఈ నంబరును బ్యాంకు తన ట్రాకర్‌లో కొడితే డబ్బు ఏ బ్యాంకు దగ్గరకు ఎప్పుడు చేరింది, అక్కడి నుంచి ఎప్పుడు కదిలింది అన్నది వరుసగా కనిపిస్తుంది. పక్కన స్థితిని తెలిపే కోడ్ ఉంటుంది. ACCC అంటే లబ్ధిదారు ఖాతాలో జమ అయింది. RJCT అంటే తిరస్కరించారు. ACSP అంటే ఇంకా దారిలో ఉంది. ఈ మూడో కోడ్ ఒక్కటే వింటే ఏమీ తేలదు. దాని వెనక ఉండే చిన్న కోడ్ అడిగి తెలుసుకోవాలి, ఎందుకంటే ఎవరిని కదిలించాలో చెప్పేది అదే. G000 అయితే డబ్బు తర్వాతి బ్యాంకుకు వెళ్లిపోయింది. G002 అయితే ఆ బ్యాంకు దగ్గరే పరిశీలనలో ఉంది, ఆ రోజే జమ అవుతుందన్న హామీ లేదు. G003 అయితే లబ్ధిదారు నుంచి కాగితాల కోసం ఎదురుచూస్తున్నారు. భారతదేశంలో ఇది తరచుగా వచ్చే స్థితి. డబ్బు ఎందుకు వచ్చిందో తెలిపే పర్పస్ కోడ్, ఇన్‌వాయిస్ బ్యాంకుకు ఇచ్చేదాకా అది కదలదు. G004 అయితే సందేశం వచ్చింది గాని దానికి సరిపడా నిధులు ఇంకా రాలేదు. అది బ్యాంకులు తమలో తాము తేల్చుకోవలసిన విషయం.

మన ఉదాహరణలో బుధవారం ట్రాకర్ చూస్తే న్యూయార్క్ బ్యాంకు పేరు పక్కన G002 ఉంది. దానికి కారణం కోడ్‌లో ఉండదు, చాలాసార్లు బ్యాంకు కూడా చెప్పదు. అయితే అక్కడ ఎక్కువగా జరిగేది ఒకటుంది. అమెరికా ప్రభుత్వపు ఓఫాక్ విభాగం ఆంక్షలు విధించిన వ్యక్తుల, సంస్థల పేర్ల జాబితా ప్రచురిస్తుంది. ఆ దేశంలోని బ్యాంకులు ప్రతి సందేశంలోని పేర్లను దానితో పోల్చి చూస్తాయి. పేరు కొంత కలిసినా యంత్రం ఆపేస్తుంది, ఆ తర్వాత మనిషి చూసి వదలాలి. చిరునామా, ఊరు, దేశం పూర్తిగా ఉంటే ఇది వేరే వ్యక్తి అని నిమిషాల్లో తేలుతుంది. అవి లేకపోతే ప్రశ్న వేయాల్సివస్తుంది. తెలుగువారి పేర్లకు ఇక్కడ ఒక అదనపు చిక్కు ఉంది. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట చివర వస్తుంది. ఇన్‌వాయిస్‌లో పొడి అక్షరాలు, బ్యాంకు ఖాతాలో పూర్తి పేరు ఉంటాయి. అందుకే లబ్ధిదారు పేరు ఖాతా పుస్తకంలో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే పంపినవారికి ఇవ్వాలి.

న్యూయార్క్ బ్యాంకు వేసే ప్రశ్న విజయవాడకు రాదు, తనకు సందేశం పంపిన మెల్‌బోర్న్ బ్యాంకుకు వెళుతుంది. అక్కడ అది విదేశీ చెల్లింపుల విభాగంలో ఒక సందేశంగా పడి ఉంటుంది. వాళ్లు ఖాతాదారుకు ఫోన్ చేసి, అతను ఇన్‌వాయిస్, విజయవాడ సంస్థ పూర్తి చిరునామా పంపితే తప్ప డబ్బు కదలదు. డబ్బు అందాల్సిన వ్యక్తి తన బ్రాంచి చుట్టూ ఎంత తిరిగినా లాభం లేదు, ఆ బ్రాంచికి ఇంకా సందేశమే రాలేదు. మధ్యవర్తి దగ్గర ఆగిన డబ్బును కదిలించగలిగింది పంపినవాడు మాత్రమే. జవాబు రాకుండా చాలా రోజులు గడిస్తే డబ్బు వెనక్కి వెళ్లిపోవచ్చు. అలా వెనక్కి వెళ్లేటప్పుడు కూడా ఛార్జీలు పోను మిగిలిందే చేరుతుంది.

గురువారం జవాబు అందగానే న్యూయార్క్ బ్యాంకు డబ్బు వదిలింది. అక్కడ గురువారం మధ్యాహ్నమంటే ఇక్కడ రాత్రి. మర్నాడు స్వాతంత్ర్య దినోత్సవం, బ్యాంకులకు సెలవు. శని, ఆదివారాలు విదేశీ మారక మార్కెట్ ఉండదు. అందుకే సోమవారం. అంటే ఆరు రోజుల్లో పరిశీలన తిన్నది రెండే, మిగిలినవి కాల వ్యత్యాసం, సెలవులు తిన్నాయి. జాప్యం గురించి ఫిర్యాదు రాసేముందు ఈ లెక్క వేసుకోవడం మంచిది.

ఇక కోతలు. విదేశీ చెల్లింపులో ఛార్జీలు ఎవరు భరించాలో మూడు అక్షరాల్లో రాస్తారు. OUR అంటే అన్నీ పంపినవారివే. BEN అంటే అన్నీ అందుకునేవారివే. SHA అంటే పంపిన బ్యాంకు ఛార్జీ పంపినవారిది, ఆ తర్వాత దారిలో పడేవన్నీ అందుకునేవారివి. ఏదీ ఎంచుకోకపోతే చాలా బ్యాంకులు SHA వేస్తాయి. ఖాతాదారు తన ఖాతాలో 5,000 డాలర్లు పూర్తిగా తగ్గాయని రసీదు చూపిస్తాడు, అది నిజమే. కోత ఆ రసీదు పుట్టిన తర్వాత పడింది కాబట్టి దానిలో కనిపించదు. కనిపించేది భారతీయ బ్యాంకుకు చేరిన సందేశంలో. పాత MT103 రూపంలో దాని ముఖ్యమైన వరుసలు ఇవి:

```
:32A:250814USD4980,
:33B:USD5000,
:71A:SHA
:71F:USD20,
```

33B పంపమని చెప్పిన మొత్తం. 32A బ్యాంకుల మధ్య చేతులు మారిన మొత్తం, దాని ముందున్నది తేదీ: 25వ సంవత్సరం, 08వ నెల, 14వ రోజు. 71F మధ్యలో కోసుకున్న ఛార్జీ. దారిలో రెండు బ్యాంకులు కోసుకుంటే 71F రెండుసార్లు ఉంటుంది. 5,000 నుంచి 20 తీస్తే 4,980, లెక్క సరిపోయింది. 2025 నవంబరుతో దేశాల మధ్య చెల్లింపుల్లో ఈ రూపం పోయి ISO 20022 అనే కొత్త రూపం వచ్చింది. అందులో SHA స్థానంలో SHAR, OUR స్థానంలో DEBT, BEN స్థానంలో CRED కనిపిస్తాయి. చదివే పద్ధతి మాత్రం అదే. 71A దగ్గర OUR ఉండి కూడా మొత్తం తగ్గి వస్తే అది ప్రశ్నించదగిన కోత. అలాంటివి జరుగుతూనే ఉంటాయి. పంపినవారు తమ బ్యాంకును UETRతో అడిగి ఆ సొమ్మును తిరిగి రాబట్టవచ్చు.

మధ్యవర్తి కోసిన 20 డాలర్లు మార్కెట్ ధరలో 1,752 రూపాయలు. పోయిన 5,220లో ఇది మూడో వంతే. భారతీయ బ్యాంకు 4,980 డాలర్లను 87 రూపాయల చొప్పున మార్చిందనుకుంటే, డాలరుకు 60 పైసల తేడాతో 2,988 రూపాయలు పోయాయి. కరెన్సీ మార్పిడి మీద జీఎస్టీ మరొకటి. లక్ష నుంచి పది లక్షల మధ్య మొత్తానికి వెయ్యి రూపాయలు, లక్ష దాటిన దాంట్లో అర శాతం కలిపి, దాని మీద 18 శాతం వేస్తారు. 4,33,260 రూపాయలకు అది సుమారు 480. బ్యాంకు వేరే ఛార్జీ వేయకపోతే ఈ మూడూ కలిపి సరిగ్గా 5,220. అందరూ తిట్టుకునే న్యూయార్క్ కోత కన్నా, పేరు లేకుండా ధరలో కలిసిపోయిన తేడా పెద్దది. పైగా దాన్ని ముందుగా అడిగి బేరమాడే అవకాశం కూడా ఉంది. నెలనెలా డాలర్లు వచ్చే ఖాతాకు మంచి రేటు ఇవ్వడానికి చాలా బ్యాంకులు ఒప్పుకుంటాయి.

ఎగుమతి ఆదాయం అయితే మరో జాగ్రత్త అవసరం. ఇన్‌వాయిస్ 5,000కు ఉండి జమ 4,980 అయితే, ఆ 20 డాలర్లు విదేశీ బ్యాంకు ఛార్జీలని బ్యాంకు రికార్డులో నమోదు కావాలి. లేకపోతే బిల్లు పూర్తిగా వసూలు కానట్టు మిగిలిపోతుంది. జమ అయిన వెంటనే చేరిన సందేశం కాపీ, విదేశీ సొమ్ము అందినట్టు తెలిపే పత్రం అడిగి దాచుకోవాలి. బ్రాంచి ఇవ్వకపోతే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో సమాధానం రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. ఆ అధికార పరిధి భారతదేశంలోని బ్యాంకు వరకే. న్యూయార్క్ బ్యాంకు చేసిన జాప్యం మీద, అది తీసుకున్న కోత మీద పంపినవారి బ్యాంకు ద్వారానే అడగాలి.