పొటాషియాన్నీ ఫ్లోరిన్‌నీ పట్టిచ్చిన పాత్ర

1807 అక్టోబరులో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ప్రయోగశాలలో హంఫ్రీ డేవీ పొటాష్‌తో కుస్తీ పడుతున్నాడు. కట్టెల బూడిద నుంచి తయారయ్యే ఘాటైన క్షారం అది. ఇప్పటి పేరు పొటాషియం హైడ్రాక్సైడ్. దాన్ని ఎంత కాల్చినా, దేనితో కలిపినా విడిపోయేది కాదు. అందులో ఇంకేదో దాగి ఉందన్న అనుమానం మాత్రం రసాయనవేత్తలకు ఎప్పటి నుంచో ఉంది. డేవీ చేతిలో కొత్త ఆయుధం ఉంది. వోల్టా 1800లో ప్రకటించిన బ్యాటరీ అది. రాగి, జింకు పలకలను వందల కొద్దీ పేర్చి డేవీ పెద్ద పెద్ద బ్యాటరీలు కట్టించాడు. బ్యాటరీ రెండు ధ్రువాల నుంచి వచ్చే తీగలనూ ఒక పదార్థంలో పెట్టి కరెంటు పంపితే అది రెండుగా చీలుతుంది. విద్యుద్విశ్లేషణ ఘటం అంటే ఇంతే: ఒక పాత్ర, రెండు తీగలు, మధ్యలో చీల్చవలసిన పదార్థం.

మొదట పొటాష్‌ను నీళ్లలో చిక్కగా కరిగించి కరెంటు పంపాడు. ఒక తీగ దగ్గర హైడ్రోజన్, రెండో తీగ దగ్గర ఆక్సిజన్ వచ్చాయి. చీలింది నీళ్లే, పొటాష్ చెక్కుచెదరలేదు. నీళ్లే అడ్డమనుకుని పూర్తిగా ఎండిన పొటాష్ ముక్క తీసుకుంటే అసలు కరెంటే పారలేదు. చివరికి ఎండు ముక్కను కొన్ని క్షణాలు గాలికి వదిలేశాడు. గాలిలోని చెమ్మ పీల్చుకుని పైపొర మాత్రం తడిసింది. ఆ ముక్కను ప్లాటినం పళ్లెంలో పెట్టి, పళ్లేన్ని బ్యాటరీ ఋణధ్రువానికి కలిపి, ధనధ్రువం తీగను పైన ఆనించాడు. ముక్క రెండు చోట్లా కరగడం మొదలుపెట్టింది. పైన బుడగలు పొంగాయి. కింద పళ్లెం దగ్గర వాయువేమీ రాలేదు. బదులుగా పాదరసంలా మెరిసే చిన్న చిన్న గోళీలు పుట్టుకొచ్చాయి. కొన్ని పుట్టీ పుట్టగానే టప్పున పేలి మండిపోయాయి. మిగిలినవి చూస్తుండగానే తెల్లటి పొర కప్పుకుని మసకబారాయి. అప్పుడు డేవీ గదంతా గంతులేశాడని పక్కనే ఉన్న ఆయన దాయాది ఎడ్మండ్ చెప్పాడు. అదే పొటాషియం. కొద్ది రోజుల్లోనే కాస్టిక్ సోడా నుంచి సోడియమూ దొరికింది.

నీళ్లు ఎందుకు అడ్డుపడ్డాయో చూడాలి, మన కథ మొత్తం అక్కడే ఉంది. ఋణధ్రువం చేసే పని ఎలక్ట్రాన్లు పంచడం. పొటాష్‌లో పొటాషియం అప్పటికే ఒక ఎలక్ట్రాన్‌ను వదిలేసుకుని K⁺ అయాన్‌గా ఉంది. దాన్ని లోహంగా మార్చాలంటే ఆ ఎలక్ట్రాన్‌ను తిరిగి అంటగట్టాలి. కానీ దాన్ని అంత తేలిగ్గా వదులుకున్నది మళ్లీ తీసుకోవడానికి ససేమిరా అంటుంది. పక్కనే నీళ్లుంటే, వాటిలోని హైడ్రోజన్ ముందుగా చేయి చాపి ఎలక్ట్రాన్‌ను అందుకుంటుంది. ఒకవేళ పొటాషియం ఏర్పడినా, మరుక్షణమే నీటితో చర్య జరిపి తన ఎలక్ట్రాన్‌ను హైడ్రోజన్‌కే ఇచ్చేస్తుంది.

ఇంత దానగుణం ఎక్కడిది? లిథియం, సోడియం, పొటాషియం, రుబీడియం, సీజియం – ఈ క్షార లోహాలన్నిటికీ చివరి కర్పరంలో ఒకే ఒక్క ఎలక్ట్రాన్ ఉంటుంది. లిథియం కేంద్రకంలో 3 ప్రోటాన్లుంటే, లోపలి 2 ఎలక్ట్రాన్లు రెండింటి ఆకర్షణను దాదాపుగా కప్పేస్తాయి. సీజియంలో 55 ప్రోటాన్లున్నా లోపల 54 ఎలక్ట్రాన్లు అడ్డుగా నిలబడతాయి. అంటే బయటి ఎలక్ట్రాన్‌కు రెండు చోట్లా తగిలే లాగుడు ఉజ్జాయింపుగా ఒక ప్రోటాన్‌దే. తేడా అంతా దూరంలో ఉంది. లిథియం పరమాణువు వ్యాసార్ధం సుమారు 152 పికోమీటర్లు, సీజియంది 265. అంత దూరానికి జరిగిన ఎలక్ట్రాన్‌ను పీకడం సులువు. ఒక మోల్ లిథియం పరమాణువుల నుంచి ఒక్కొక్క ఎలక్ట్రాన్ లాగాలంటే 520 కిలోజౌళ్లు కావాలి. సీజియానికి 376 చాలు.

నీటిలో వేసినప్పుడు ఇది కంటికి కనిపిస్తుంది. లిథియం నీటిపై తేలుతూ నింపాదిగా బుసబుసలాడుతుంది. సోడియం కరిగి గుండ్రటి గోళీ అయి అటూ ఇటూ పరుగెడుతుంది. పొటాషియం అంటుకుని లేత ఊదారంగు మంటతో మండుతుంది. సీజియం నీటిని తాకీ తాకగానే పేలుతుంది. ఇక్కడ పాఠ్యపుస్తకాలు సాధారణంగా దాటవేసే చిక్కు ఒకటుంది. మొత్తం మీద విడుదలయ్యే వేడి లెక్కగడితే, మోల్‌కు ఎక్కువ వేడినిచ్చేది సీజియం కాదు, లిథియమే. దాని బుల్లి అయాన్‌ను నీటి అణువులు గట్టిగా చుట్టుముట్టడం వల్ల అంత శక్తి వస్తుంది. అయినా అది నెమ్మదిగా కదలడానికి కారణం, ఎలక్ట్రాన్‌ను ఊడబెరకడానికి అయ్యే తొలి ఖర్చు ఎక్కువ కావడం. పైగా లిథియం 180 డిగ్రీల దాకా కరగదు కాబట్టి కొత్త ఉపరితలం నీటికి తొందరగా తగలదు. గ్రూపులో కిందికి పోయే కొద్దీ పెరిగేది ప్రధానంగా చర్య జరిగే వేగం అని గుర్తుపెట్టుకుంటే తికమక ఉండదు.

ఇక అదే పాత్రలో రెండో కొసకు పోదాం. ధనధ్రువం పని ఎలక్ట్రాన్లు లాక్కోవడం. ఆ కొస దగ్గర పట్టుబడవలసినవి హాలోజన్లు: ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్. వీటి చివరి కర్పరంలో 7 ఎలక్ట్రాన్లుంటాయి, నిండడానికి ఒక్కటే తక్కువ. ఆ ఒక్కదాని కోసమే వీటి ఆరాటమంతా. ఇక్కడా లోపలి ఎలక్ట్రాన్ల అడ్డును తీసేసి చూస్తే, బయటికి తెలిసే లాగుడు ఫ్లోరిన్‌లోనూ అయోడిన్‌లోనూ ఇంచుమించు ఒకటే. తేడా మళ్లీ దూరమే. అయోడిన్ పరమాణువు ఫ్లోరిన్ కంటే సుమారు రెండింతలు పెద్దది. కొత్తగా వచ్చే ఎలక్ట్రాన్ కేంద్రకానికి అంత దూరంలో కుదురుకోవాలి కాబట్టి పట్టు సడలుతుంది.

ఊరి చివర ఒంటరి ఇల్లు ఒకటుందనుకోండి. దొంగ అక్కడ సొమ్ము సులువుగా ఎత్తుకుపోతాడు. చుట్టాలు మాత్రం అంత దూరం రావడానికి బద్ధకిస్తారు. దూరం ఒకటే, నష్టం తేలికైంది, రాబడి కష్టమైంది. సీజియం చురుకుదనానికీ, అయోడిన్ మందకొడితనానికీ కారణం అదే. పిల్లలు రెండు గ్రూపుల పక్కన రెండు ఎదురెదురు బాణాలు గీసి, రెండు వేర్వేరు సూత్రాలుగా బట్టీ పడతారు. నన్నడిగితే బాణం ఒకటే గీయాలి: కిందికి పోయే కొద్దీ బయటి కర్పరంపై కేంద్రకం పట్టు తగ్గుతుంది. ఇవ్వడమే చర్య అయిన చోట అది వరం, పుచ్చుకోవడమే చర్య అయిన చోట శాపం.

హాలోజన్ల మధ్య ఈ తేడాతోనే బ్రోమిన్ దొరికింది. 1826లో ఫ్రాన్స్‌లోని మోంపెల్యేలో ఆంట్వాన్ బలార్ అనే యువకుడు, ఉప్పు మడుల్లో ఉప్పు తీశాక మిగిలిన చేదు నీటిలోకి క్లోరిన్ పంపాడు. నీళ్లు పసుపు నారింజ రంగుకు తిరిగాయి. క్లోరిన్, బ్రోమైడ్ అయాన్ల దగ్గరున్న ఎలక్ట్రాన్లను లాక్కుని వాటిని బ్రోమిన్‌గా బయటికి నెట్టేసింది:

Cl₂ + 2Br⁻ → 2Cl⁻ + Br₂

గుజరాత్ తీరంలో ఉప్పు తీశాక మిగిలే నీటి నుంచి నేటికీ ఈ చర్యతోనే బ్రోమిన్ తీస్తారు. లెక్క ప్రకారం 160 గ్రాముల బ్రోమిన్‌కు 71 గ్రాముల క్లోరిన్ కావాలి. తర్వాత ఆవిరి పంపి బ్రోమిన్‌ను ఊడ్చుకుపోతారు. బడి ప్రయోగశాలలో పొటాషియం అయోడైడ్ ద్రావణంలో క్లోరిన్ నీళ్లు, కాస్త గంజి కలిపినా ఇదే జరుగుతుంది: అయోడిన్ విడుదలై గంజి నీలంగా మారుతుంది. క్లోరిన్ మరీ ఎక్కువ పోస్తే మాత్రం ఆ నీలం మాయమవుతుంది. క్లోరిన్ అంతటితో ఆగక అయోడిన్ నుంచి ఇంకా ఎలక్ట్రాన్లు గుంజి దాన్ని అయోడేట్‌గా మార్చడమే కారణం. చర్య జరగలేదని అనుకునే విద్యార్థికి నిజానికి చర్య ఎక్కువే జరిగింది.

మరి ఫ్లోరైడ్ నుంచి ఫ్లోరిన్‌ను లాగేదెవరు? క్లోరిన్ వల్ల కాదు, అది ఫ్లోరిన్‌కు దిగువన ఉంది. ఫ్లోరిన్‌కు పైన ఎవరూ లేరు. కాబట్టి మళ్లీ కరెంటే దిక్కు. ఆ ప్రయత్నంలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ విషానికి డేవీ స్వయంగా జబ్బుపడ్డాడు, ఐర్లండ్‌కు చెందిన నాక్స్ సోదరులు మంచం పట్టారు, బెల్జియంలో లూయే, ఫ్రాన్స్‌లో నిక్లెస్ ప్రాణాలే పోగొట్టుకున్నారు.

చిక్కు డేవీ ఎదుర్కొన్నదే, అద్దంలో చూసినట్టు తిరగబడి వచ్చింది. తడి ఉన్న హైడ్రోజన్ ఫ్లోరైడ్‌లో కరెంటు పంపితే ధనధ్రువం దగ్గర ఆక్సిజన్ వస్తుంది. ఎందుకంటే నీటిలోని ఆక్సిజన్, ఫ్లోరైడ్ కంటే తేలిగ్గా ఎలక్ట్రాన్లు వదులుకుంటుంది. పూర్తిగా పొడిగా ఉంటే కరెంటే పారదు. పారిస్‌లో హెన్రీ మోయసాన్ దీనికి కనుక్కున్న ఉపాయం, పొడి హైడ్రోజన్ ఫ్లోరైడ్‌లో KHF₂ అనే పొటాషియం లవణాన్ని కరిగించడం. నీళ్లు లేకుండానే కరెంటు నడవడానికి కావలసిన అయాన్లు దొరికాయి. U ఆకారపు ప్లాటినం గొట్టం, ప్లాటినం-ఇరిడియం కడ్డీలు, ఫ్లోరిన్ దాడికి తట్టుకునే ఫ్లోర్‌స్పార్ బిరడాలు. మామూలు గది వేడికే మరిగిపోయే ఆ ద్రవాన్ని మరిగిపోకుండా బాగా చలిలో పెట్టాడు. 1886 జూన్ 26న ధనధ్రువం వైపు నుంచి వచ్చిన వాయువు సోకగానే సిలికాన్ స్ఫటికం భగ్గుమంది.

ఫ్రెంచ్ సైన్స్ అకాడమీ ముగ్గురు పెద్దలను పరీక్షకు పంపింది. వాళ్ల ముందు పాత్ర మొరాయించింది. వారికోసమని మోయసాన్ హైడ్రోజన్ ఫ్లోరైడ్‌ను మరీ శుద్ధి చేసి పెట్టాడు. దానిలో పొటాషియం లవణం మిగల్లేదు, కరెంటు పారలేదు. లవణం మళ్లీ కలిపాక ఫ్లోరిన్ వచ్చింది. శుద్ధి ఎక్కువై చెడిన ప్రయోగాలు చరిత్రలో అరుదు.

ఫ్లోరిన్ విషయంలో ఒక నిజాన్ని దాచకూడదు. విడి పరమాణువుకు ఎలక్ట్రాన్ అందించినప్పుడు ఎక్కువ శక్తి విడుదల చేసేది ఫ్లోరిన్ కాదు, క్లోరిన్: మోల్‌కు 349 కిలోజౌళ్లు, ఫ్లోరిన్‌కు 328. ఫ్లోరిన్ మరీ చిన్నది కావడంతో దాని ఎలక్ట్రాన్లు ఇరుక్కుని, కొత్తదాన్ని కొంత నెట్టేస్తాయి. అయినా అసలు పోటీలో గెలుపు దానిదే. ఫ్లోరిన్ అణువులోని రెండు పరమాణువులను విడదీయడానికి దాదాపు 159 కిలోజౌళ్లు చాలు, క్లోరిన్‌కు 243 కావాలి. ఏర్పడిన చిన్న ఫ్లోరైడ్ అయాన్ నీటితోనూ, లోహ అయాన్లతోనూ గట్టిగా అతుక్కుంటుంది. ఖర్చు తక్కువ, రాబడి ఎక్కువ.

కరెంటు లేకుండా, రసాయన చర్యతో చెప్పుకోదగ్గంత ఫ్లోరిన్ తయారు చేయడం 1986లో గానీ కుదరలేదు. అమెరికాలో కార్ల్ క్రిస్టే దాన్ని చేసి చూపాడు. కర్మాగారాల్లో మాత్రం ఫ్లోరిన్ ఇప్పటికీ విద్యుద్విశ్లేషణ ఘటాల నుంచే, పొటాషియం ఫ్లోరైడ్ కలిపిన హైడ్రోజన్ ఫ్లోరైడ్ నుంచే వస్తోంది.